రేకుల మీది టైర్లు

మా ముత్తాత విజయనగరం వైపు మూడు ఊళ్లకు మునసబు. ఆయన గుమ్మం ముందు గొడుగు మడవకుండా నడిచినవాడు లేడు. మా తాత ఇక్కడ భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టేటప్పుడు ఇసుక, కంకర తోలిన కాంట్రాక్టరు. ఇంజనీర్లు ఆయనకు కుర్చీ వేసి మాట్లాడేవారు. ఈ సంగతులు ఇప్పుడు వినేది మా అక్క ఒక్కతే. అంతా విని, "సర్లే దొరబాబూ, కూలరు కడుగు" అంటుంది.

పోయిన వానాకాలం అక్కకు డెంగీ వచ్చింది. రెండోసారి వస్తే మరింత ప్రమాదం కావచ్చని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి వారం వారం కూలరు కడగడం నా వంతు. నీళ్లు పారబోస్తే చాలదు. దోమగుడ్లు తొట్టి గోడలకు అంటుకుని ఉంటాయి. ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. అందుకే అంచులన్నీ పీచుతో రుద్ది, ఆరబెట్టి, అప్పుడు నింపుతాను.

అయినా ఈ ఏడు పట్టపగలే దోమలు మొదలయ్యాయి, కాళ్లమీద తెల్లచారలున్నవి. ఒకటి అక్క మోచేతిమీద వాలేసరికి చప్పున కొట్టాను.

"పైన చూసావేటిరా?" అంది.

"మనిషిని పిలుస్తాను. మన వంశంలో ఎవరూ కప్పులెక్కలేదు."

"వంశం కిందుంటాదిలే, నువ్వెక్కు. లేపోతే నేనెక్కుతాను."

అరవై దాటిన మనిషి నిచ్చెనమీద కాలు పెట్టేసరికి నేనే ఎక్కాను. చూరు వెంట వాననీళ్లు పోయే రేకు కాలువ వేపాకులతో పూడి, మడుగు కట్టి ఉంది. ఆకులు తీసేశాను. వెనక షెడ్డు రేకులు గాలికి లేవకుండా పెట్టిన నాలుగు టైర్లు తాత ఆఖరి లారీవి. ఒకదాని లోపలినుంచి దోసెడు నీళ్లు తీస్తే పురుగులు మెలికలు తిరిగాయి.

"ఎన్నున్నాయేటి?"

"మన చుట్టాలకన్నా ఎక్కువ."

అక్క పకపకా నవ్వి నిచ్చెన వదిలేసింది. పట్టుకోమని అరిచాను.

టైరు వంచితే నీళ్లు లోపలే ఇటునుంచి అటు పోయాయి గానీ పూర్తిగా బయటికి రాలేదు. "అడుగున చిల్లులు పొడిస్తే నిలవవు కదా" అన్నాను.

"చిల్లులు మట్టితో పూడిపోతే? ప్రతి వానకీ ఎక్కి చూస్తావేటి?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "తాత టైర్లని నాకూ ఉందిరా" అంది.

పక్కింటాయన గోడమీదుగా, "పాత సామాన్లు కొనే కబాడీవాలాకి ఇచ్చెయ్యండి భయ్యా" అన్నాడు.

"ఆడి దగ్గరా ఆరుబయటే పడుంటాయి. ఆడింట్లో పుట్టిన దోమ మనింటికి రాదేటి?" అంది అక్క.

నీళ్లు మగ్గుతో తోడి ఎండిన నేలమీద పోశాను. టైర్ల బదులు రేకులమీద ఇటుకలు పేర్చాను. టైర్లు కిందికి దించి, లోపలంతా రుద్ది, షెడ్డులో ఆరబెట్టాం. ఆ వారమే కార్ఖానాలుండే హథ్‌ఖోజ్‌లో టైర్లు కోసి రబ్బరు ముక్కలు చేసేవాళ్లకు నాలుగూ అమ్మేశాం.