కూలర్ బంద్ చేసి మాట్లాడిన మాటలు

మా బిడ్డ పగలు నిద్రపోయినంత సేపు నేను ఖాళీగ ఉంటనని మా క్వార్టర్ల లైనుల అందరికీ ఒక గట్టి నమ్మకం. "పిల్ల పండుకున్నదా? అయితే ఫోన్ల జర మా కరెంటు బిల్లు కట్టియ్యి" అని ఒకరొస్తరు. "పని లేదు గద, మా ఇంటి తాళంచెవి నీ దగ్గర పెట్టుకో, గ్యాసాయన వస్తడు" అని ఇంకొకరు. తలుపు కొట్టుడు గూడ ఎట్ల కొడుతరంటే, లోపల పసిపిల్ల పండుకున్నదన్న సోయి ఉండదు. ఆ నిద్ర నాకు డ్యూటీ టైమని చెప్తే నవ్విండ్రు. అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలే. అందుకే రాస్తున్న.

గోదావరిఖనిల ఒక ప్రైవేటు బడిల సైన్సు చెప్పేదాన్ని. కాన్పు తర్వాత బిడ్డను చూసుకునేటోళ్లు లేక మానేసిన. మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల డంపర్ లారీ నడుపుతడు. వారం వారం షిఫ్టు మారుతది. బిడ్డకు ఏడాదిన్నర నిండేసరికి చేతుల పని లేక, నాదంటూ ఒక సంపాదన లేక నాకు పిచ్చిలేసినట్టయ్యేది. అప్పుడు పాత బడిల పనిచేసిన ఒక టీచరమ్మ ఒక పని గురించి చెప్పింది. ఫోన్ల ఒక యాప్ ఉంటది. అండ్ల తెలుగు వాక్యాలొస్తయి. ఒక్కొక్కటి చదివి రికార్డు చేసి పంపాలె. కొన్నిసార్లు వాక్యాల బదులు ప్రశ్న వస్తది, దానికి మన సొంత మాటల్ల జవాబు చెప్పాలె. కంప్యూటర్లకు తెలుగు అర్థమయ్యేటట్టు నేర్పుడు కోసమట. మన గొంతును ఎవరో విని, బాగుందంటేనే లెక్కకొచ్చి పైసలొస్తయి. బాగలేదంటే ఆ కష్టం గంగల కలిసినట్టే. చేరేటప్పుడు జిల్లా పేరు అడిగిండ్రు. "మీ పెద్దపల్లి వైపు వాళ్లు మాకు తక్కువ ఉన్నారు మేడం, మీరు సహజంగా మాట్లాడండి చాలు" అన్నడు ఫోన్ల ఆ పని చూసుకునే పిలగాడు. ఈ మాట నేను మరువలే.

బిడ్డ పండుకున్నప్పుడు చేసే పని అన్నరు గని, అది నోటితోని చేసే పని. గుసగుస చెప్తే తీసుకోరు. మామూలు గొంతుతోనే మాట్లాడాలె, వెనుక ఏ సప్పుడూ ఉండొద్దు. మాది రెండర్రల క్వార్టరు, వంటింటితోని కలిపి. ఎండకాలం రామగుండం దిక్కు ఎట్లుంటదో ఇక్కడ ఉన్నోళ్లకే తెలుసు. గోడలు పొద్దంత కాగి లోపటికి సెగ కొడుతుంటయి. కూలర్ నడిస్తేనే బిడ్డ కండ్లు మూస్తది. కూలర్ నడిస్తే నా రికార్డు పనికిరాదు. ఎటు పోవాలె?

బిడ్డను పండుకోబెట్టి, ఊపిరి సమంగ వచ్చేదాక కూసుండి, అప్పుడు పిల్లిలెక్క లేచి కూలర్ బంద్ చేసేది. ఫ్రిజ్ గుర్రుమంటది, దాని స్విచ్ తీసేసేది. వంటింటి తలుపు పెట్టుకొని, బియ్యం బస్తాల పక్కన కూసోని చదివేది. బస్తాల దగ్గరైతే గొంతు మోగదని నాకు నేనే కనిపెట్టుకున్న. "నగర పాలక సంస్థ పరిధిలో నీటి సరఫరాకు అంతరాయం" అని గొంతు సవరించుకొని చదువుతుంటే మెడ మీదికెళ్లి చెమట ధారలు కట్టేది. నాలుగు వాక్యాలు అయితయో లేదో లోపటి నుంచి బిడ్డ ఏడుపు. బిడ్డ జుట్టు తడిసి నుదుటికి అతుక్కొని ఉండేది. ఎత్తుకొని కూలర్ ముందట కూసునేటప్పుడు నా మీద నాకే మండేది. ఒకరోజు ఫ్రిజ్ స్విచ్ వేసుడు మరిచిపోయిన. సాయంత్రానికి పాలన్నీ విరిగినయి.

ఇగ మధ్యాహ్నం గనిల బ్లాస్టింగు. ముందు సైరన్ మోగుతది, తర్వాత భూమి కడుపుల ఏదో బొర్లినట్టు దద్దరిల్లుతది, కిటికి రెక్కలు గజగజ వణుకుతయి. పుట్టినప్పటి సంది విన్న బిడ్డ గనుక ఆ సప్పుడుకు కొన్నిసార్లు లేవకపోయేది. రికార్డు మాత్రం పాడయ్యేది.

మా ఆయన రాత్రి షిఫ్టుల ఉన్న వారం ఇంకో కథ. పొద్దున వచ్చి తిని పండుకుంటడు. ఆ గనిల దుమ్ముల రాత్రంత బండి నడిపి వచ్చినోడు పండుకోవద్దని నేనెట్లంట? గని ఒకనాడు కూలర్ బంద్ చేసిన కొంచెం సేపటికే లేచి వచ్చి వంటింటి తలుపు ధన్‌మని తీసిండు.

"ఏందే, మనిషిని పండుకోనియ్యవా? ఈ ఎండల కూలర్ బంద్ చేస్తవా?"

"రికార్డు చేస్తున్న. కొద్దిసేపు ఓర్చుకో."

"ఏం రికార్డు? ఊకె ఫోన్ల మాట్లాడుడు గూడ ఒక పనేనా?"

"నువ్వు బండి నడుపుతుంటే ఎవరన్న వచ్చి తాళంచెవి గుంజుకుంటే ఊకుంటవా? నాది గూడ డ్యూటే. నీకు ఎనిమిది గంటలు ఇచ్చిండ్రు. నాకు బిడ్డ కండ్లు మూసినంత సేపే ఇచ్చింది."

మా లొల్లికి బిడ్డ లేచింది. ముగ్గురం ఆ ఉక్కపోతల కూసున్నం.

మా గోడ పక్క క్వార్టర్ల ఒక ముస్లిం అక్క ఉంటది, ఆపా అని పిలుస్త. వాళ్లాయన కంపెనీ వర్క్‌షాపుల మెకానిక్. పిల్లలు పెద్దగై చదువులకు పోయిండ్రు. గోడ అవతల నుంచి అన్నీ విన్నదేమో, తెల్లారి వచ్చి, "బేటీని మా ఇంట్ల పండుకోబెట్టు. మా కూలర్ ఎట్లాగూ నడుస్తనే ఉంటది. నువ్వు మీ ఇంట్ల మాట్లాడుకో. లేస్తే నేను గోడ కొడుత" అన్నది. ఆమె ఒక్కతే ఇది ఏం పని అని అడగలే.

అప్పటి సంది నాకు పని సాగింది. బిడ్డను ఆపా ఇంట్ల జోకొట్టి పండుకోబెట్టి, ఉరుక్కుంట వచ్చి, అన్నీ బంద్ చేసి చదివేది. సొంత మాటల ప్రశ్నలంటే నాకు ఇష్టం. ఆదివారం మీ ఇంట్ల ఏం వండుతరో చెప్పండి అని వస్తే, "పొద్దుగాల్ల బిరాన లేచి, గంజుల ఎసరు పెట్టి, మటన్ల చింతచిగురు ఏసి..." అని మా అమ్మతోని మాట్లాడినట్టే మాట్లాడేది. బడిల పదేండ్లు పుస్తకం భాషనే మాట్లాడిన. ఆ భాష నాకు రాక కాదు. సహజంగా మాట్లాడుమన్నరు గనుక మాట్లాడిన.

ఒకనాడు యాప్ తెరిస్తే ఎర్ర గుర్తులు వరుసబెట్టి వచ్చినయి. సొంత మాటలల్ల చెప్పినవి దాదాపు అన్నీ వాపస్. కారణం దగ్గర "భాష సరిగా లేదు" అని ఉంది. కిందికి పోతే, ఎక్కువ తప్పులు వచ్చినయి గనుక మీ ఖాతా ఆపేసినం అని. ఏడుపు సప్పుడు పడ్డవి వాపస్ చేస్తే నేను ఏనాడూ అడగలే, అది న్యాయమే. ఇది వేరు.

ఆ మధ్యాహ్నం బిడ్డ నిద్రను ఆ పిలగానికి ఫోన్ చేసుడుకు ఖర్చు పెట్టిన.

"మేడం, చెక్ చేసేవాళ్లు పెట్టిన రిమార్కు అది. నేనేం చేయలేను" అన్నడు.

"సహజంగా మాట్లాడుమన్నది మీరే గద సార్?"

"సహజంగా అంటే... కొంచెం మంచి తెలుగు మాట్లాడండి మేడం. గంజు, బిరాన, ఇవన్నీ వాళ్లకు తెలియవు కదా. గిన్నె అనొచ్చు, త్వరగా అనొచ్చు."

"మంచి తెలుగు" అన్న మాట చెవుల పడంగనే నా గొంతు మారింది. "సార్, మా జిల్లా మాట కావాలని నన్ను తీసుకున్నరు. ఇప్పుడు మా జిల్లా మాటనే తప్పంటున్నరు. తెలియనోళ్లను వినడానికి ఎందుకు కూసోబెట్టిండ్రు? మా దిక్కు ముసలవ్వ రేపు ఫోన్ల ఏదన్న అడిగితే మీ కంప్యూటర్ ఆమెకు గూడ మంచి తెలుగు నేర్సుకొని రా అంటదా?"

"మీరు కోప్పడుతున్నారు మేడం."

"అవును, కోప్పడుతున్న."

అప్పుడే ఆపా గోడ కొట్టింది. ఫోన్ పెట్టేసి పోయిన. బిడ్డ ఆపా భుజం మీద నిమ్మలంగ ఉంది.

"క్యా హువా?" అన్నది ఆపా, నా మొఖం చూసి. చెప్పిన. ఆమె చాయ్ పోసి ఇచ్చి, "నా తెలుగుకు గూడ బజార్ల నవ్వుతరు. ఊకోకు" అన్నది.

పనిచేసేటోళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉండె. అండ్ల ఎవరూ మాట్లాడరు, వాళ్లు చెప్పేది చూసుడే. బిడ్డను ఒళ్లె పెట్టుకొని అండ్ల గొంతు మెసేజి పెట్టిన. కూలర్ బంద్ చేయలే, బిడ్డ నా గాజులు గుంజుకుంట కూతలు పెడుతనే ఉంది. జరిగింది జరిగినట్టు నా మాటల్లనే చెప్పిన. ఇంకెవరికన్న ఇట్లనే వాపస్ వచ్చినయా అని అడిగిన.

ముందుగాల జగిత్యాల నుంచి ఒకామె "నాక్కూడా" అని పెట్టింది. ఆసిఫాబాద్‌కెళ్లి ఒకాయన. సిరిసిల్లకెళ్లి చంకల పిల్లున్న ఇంకొక తల్లి, "నాదే తప్పనుకొని మానేసిన అక్కా" అన్నది. ఎంతమంది తమదే తప్పనుకొని ఊకున్నరో!

రెండు మూడు రోజులకు ఆ పిలగాని పై ఆఫీసరు, ఒక మేడం, ఫోన్ చేసింది. నెమ్మదిగనే మాట్లాడింది. మా దిక్కు మాట తెలిసినోళ్లతోని మళ్ల వినిపిస్తం అన్నది. వినిపించిండ్రు. సొంత మాటలవి చాలామట్టుకు ఒప్పుకున్నరు, ఖాతా తెరిచిండ్రు. గ్రూపుల మిగిలినోళ్లవి గూడ చాలావరకు తిరిగి చూసిండ్రు. తప్పైంది అన్న మాట మాత్రం ఎవరి నోటికెళ్లీ రాలే. పైంగ, "ఇకపై గ్రూపులో కాకుండా మాకు నేరుగా చెప్పండి" అని ఒక సుద్ది. నేరుగ చెప్తే ఏమైందో నాకు తెలుసు.

ఆ విడత పని అయిపోయేదాక చేసిన. తర్వాత మళ్ల చేస్తరా అని అడిగిండ్రు. మా జిల్లా మాటను మా దిక్కోళ్లే వినాలె, అది ముందే రాసియ్యాలె, అట్లయితేనే చేస్త అన్న. చూస్తం అన్నరు. ఇంకా చూస్తనే ఉన్నరు.

మా ఆయన ఆ గ్రూపు మెసేజి విన్నడు. అది ఫోన్లన్నీ తిరిగి పోయిందట, డంపర్ యార్డుల ఎవరో ఆయనకు వినిపించిండ్రట. ఇంటికొచ్చి, "నువ్వేనటగా" అన్నడు. నేనే అన్న. బూట్లు విడుసుకుంట, "అందరి ముందట వినిపించిండ్రు. బాగ చెప్పినవ్" అన్నడు. ముందటి నెలల నా మీద అరిచిన నోరే అది. సంతోషం అయితే అయింది గని, పదిమంది మెచ్చుకుంటే గాని నా పని ఆయనకు పనిగ కనబడకపాయె అని ఒకపక్క రోషం గూడ వచ్చింది. ఆ రెండో మాటను లోపట దాసుకోలే, ఆయన ముంగటనే అనేసిన. ఆయన తల గోక్కున్నడు.

ఇప్పుడు బిడ్డ పండుకున్నప్పుడు ఇంకో పని దొరికించుకున్న, టెన్త్ పిల్లలకు సైన్సు ప్రశ్నలు తయారుచేసుడు. నోటి పని కాదు, కూలర్ నడవొచ్చు. మా తలుపు మీద "డ్యూటీల ఉన్న, తలుపు కొట్టద్దు" అని పెద్దక్షరాలతోని రాసి అతికిచ్చిన. అది చదివి గూడ కొట్టేటోళ్లు ఉన్నరు. వాళ్లకు తలుపు తీస్తలేను.