మూడుసార్లు మోగితే

మా ఇంటికి ఫోను వచ్చిన కొత్తలో అది మా ఒక్కరి సొత్తు కాదు. దుమ్ముగూడెం దాటి లోపలికి, అడవి అంచున, ఇరవై ముప్పై గడపల గూడెం మాది. అందరికీ అదొక్కటే ఫోను. సంతలో ఎవరో వాడి అమ్మిన దాన్ని మా ఆయన కొనుక్కొచ్చాడు. పెద్ద స్పీకరు, పక్కన మెమరీ కార్డు పెట్టుకునే సందు. ఇంట్లో పెడితే సిగ్నల్ ఉండేది కాదు. వాకిట్లో పందిరికి తూర్పు వైపు గుంజ దగ్గర మాత్రం రెండు గీతలు వచ్చేవి. ఆ గుంజకు మేకు కొట్టి, గుడ్డ సంచి తగిలించి, ఫోను అందులో వేశాం. అది మోగితే వినేదాన్ని నేనే. ఎవరికి వచ్చిందో కనుక్కుని, వాళ్ళింటి దాకా వెళ్ళి పిలుచుకొచ్చేదాన్ని కూడా నేనే.

నేను చదివింది మూడో తరగతి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ ఒకసారి విన్నది మర్చిపోను. ఎవరి కోడలు ఏ రోజు కనిందో, ఎవరి ఎద్దు ఏ వాగులో పడిందో నన్నే అడిగేవారు. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ ఏడు మా పిల్లల బడిలో లెక్కల సారు బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆయన జాగాలో ఎవరూ రాలేదు. మా గూడెం నుంచి పదో తరగతి వాళ్ళు ఆరుగురు. అంతకు ముందు ఒక ఏడాది అదే బడిలో పాఠాలు చెప్పి, తర్వాత భద్రాచలంలో ఒక నెట్ సెంటర్లో పనికి కుదిరిన కుర్ర సారు ఒకాయన ఉన్నాడు. పిల్లల సంగతి తెలిసి ఒక ఆదివారం మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఖమ్మంలో తన స్నేహితుడు లెక్కలు బాగా చెబుతాడట. నెట్లో అతని చేత చెప్పిస్తానన్నాడు.

మొదట పిల్లల్ని భద్రాచలం తీసుకెళ్ళాడు. ఆరుగురూ ఒక కంప్యూటర్ ముందు కూర్చున్నారు. బొమ్మ రావడానికి అరగంట పట్టింది. వచ్చిన బొమ్మ నోరు తెరిచి అట్లాగే ఆగిపోయింది. ఇంతలో కరెంటు పోయింది. పిల్లలు వచ్చి ఆ నోరు తెరిచిన సారును అభినయించి చూపిస్తే గూడెమంతా నవ్వింది. తర్వాత ఫోనులో చెప్పించి చూశాడు. సాయంత్రం స్పీకరు పెట్టి ఆరుగురూ గుంజ చుట్టూ కూర్చునేవారు. సగం మాట వినపడేది, సగం గాలికి పోయేది. పైగా అదే వేళకు ఎవరో ఒకరి చుట్టం ఫోను చేసేవాడు. ఊరందరి ఫోను కదా, పొమ్మనలేం.

మూడోసారి ఆయన వేరే దారి పట్టాడు. ఖమ్మం స్నేహితుడు పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా గొంతుతో రికార్డు చేసి మెయిల్లో పంపుతాడు. ఈయన నెట్ సెంటర్లో కరెంటు ఉన్నప్పుడు దించుకుని, గోరంత కార్డులోకి ఎక్కించి, ఆ లెక్కలు కాగితం మీద వరుస నంబర్లతో రాసి, రెండూ కవరులో పెట్టి పొద్దటి బస్సు కండక్టరుకు ఇస్తాడు. మేం రోడ్డు మీద తీసుకుంటాం. ఫోనులో కార్డు వేసి, కాగితం చూస్తూ వింటే చాలు. సిగ్నల్ అక్కర్లేదు. అర్థం కాకపోతే మళ్ళీ వెనక్కి తిప్పి వినొచ్చు. పిల్లలు చేసిన లెక్కలు, గొంతుతో చెప్పిన అనుమానాలు సాయంత్రం బస్సులో వెనక్కి వెళ్ళేవి. కాగితాలను ఆయన స్కాన్ చేసి ఖమ్మం పంపేవాడు. రెండు కార్డులు, ఒకటి మా దగ్గర ఉంటే ఒకటి దారిలో. నెట్ భద్రాచలం దాకా, అక్కడి నుంచి బస్సు.

కబురు మాత్రం ఫోనులో, అదీ మిస్డ్ కాల్. ఒకసారి మోగి ఆగితే కాగితాలు అందాయని. రెండుసార్లు మోగితే అనుమానాలు పంపమని. మూడుసార్లు మోగితే రేపటి బస్సులో కొత్త కార్డు వస్తుందని. ఆయన ఇట్లా నాలుగు ఊళ్ళకు చేసేవాడు. ఫోను బ్యాలెన్సు తన సొంత డబ్బులతోనే.

"అక్కా, నువ్వు మాత్రం ఎత్తకు. ఎత్తితే నా బ్యాలెన్స్ అయిపోతది. ఎన్నిసార్లు మోగిందో యాదికి పెట్టుకో, చాలు," అన్నాడు నాతో.

యాదికి పెట్టుకోవడమంటే నాకు చెప్పాలా.

ఆరుగురిలో ఒక పిల్ల గురించే ఇదంతా చెబుతున్నాను. మా పక్కింటి పిల్ల. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. వాళ్ళింట్లో కోయ మాట్లాడుకునేవారు. పాఠం ఒకటికి మూడుసార్లు విని, మిగతా పిల్లలకు తన భాషలో మళ్ళీ చెప్పేది. ఫోనులో అనుమానం చెప్పేటప్పుడు సిగ్గుపడి, గుంజకు అటు తిరిగి, కొంగులో మాట్లాడినట్టు మాట్లాడేది. భద్రాచలంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలని, నర్సు కావాలని దాని కోరిక. చెల్లెలు జ్వరంతో ఉన్నప్పుడు దవాఖానాలో ఒక నర్సును చూసిందట, అప్పటి నుంచి.

మార్చి పరీక్షల్లో ఐదుగురు గట్టెక్కారు. ఈ పిల్లకు మాత్రం లెక్కలు పోయాయి, కొద్దిలో. జూన్‌లో సప్లిమెంటరీ ఉంటుంది. వాళ్ళ నాన్న నాతో తేల్చి చెప్పాడు, జూన్‌లో పాసైతే హాస్టల్లో వేస్తాను, లేకపోతే మిరపకాయ కోతకు కూలీల ముఠాతో తీసుకుపోతాను, ఇంట్లో ఊరికే కూర్చోబెట్టలేనని. ఆయన చెడ్డవాడు కాడు. ఇల్లు అట్లా ఉంది.

మే నెల బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి వెళ్ళేవారు, పిల్ల కూడా. ఎండ ముదిరాక వచ్చి, ఆకు కట్టలు కడుతూ ఒడిలో ఫోను పెట్టుకుని పాఠం వినేది. శ్రేఢులన్నీ అట్లా కట్టల మధ్యనే నేర్చుకుంది. నాకూ వినీ వినీ కొన్ని మాటలు వచ్చేశాయి.

ఒక పొద్దున నేను వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాను. ఫోను మోగింది. గీతలు చూస్తే ఒకటే ఉంది. నంబరు చివర రెండు అంకెలు చూసి సారేనని గుర్తుపట్టాను. ఎప్పుడూ ఒక్క మోతకు ఆపేసేవాడు, ఆ రోజు మోగుతూనే ఉంది. ఆపడం మరిచిపోయాడనుకున్నాను. పొరపాటున ఎవరైనా ఎత్తితే ఆయన డబ్బులు పోతాయని, ఎర్ర మీట నొక్కి నేనే ఆపాను. మళ్ళీ మోగింది, మళ్ళీ ఆపాను. మూడోసారీ అంతే. తర్వాత మోగలేదు.

మూడుసార్లు. రేపు కొత్త కార్డు.

మధ్యాహ్నం పిల్ల ఆకు మోపుతో వచ్చింది. మోపు దించకముందే అడిగింది.

"సారు రింగిచ్చిండా పెద్దమ్మా?"

"ఇచ్చిండు బిడ్డా. మూడు."

దాని మొహం విప్పారింది. ఆఖరి పాఠం ఒకటి మిగిలి ఉందని, దాని కోసమే చూస్తున్నానని అంది. మర్నాడు అడవికి పోకుండా వాళ్ళమ్మను బతిమాలుకుని, పొద్దున్నే రోడ్డు మీదికి వెళ్ళి నిలబడింది. బస్సు వచ్చింది. కండక్టరు కవరేమీ లేదన్నాడు. సారు బస్సు అందుకోలేదేమో, తర్వాతి దానిలో వస్తుందేమోనని అక్కడే చెట్టు కింద కూర్చుంది. మధ్యాహ్నం నేనే అన్నం పట్టుకెళ్ళాను. నేను వెళ్ళేసరికి పాత కాగితం మీద లెక్క చేసుకుంటోంది.

సాయంత్రం బస్సులో కవరు రాలేదు. సారు దిగాడు.

పిల్లను చూసి ఆయన నిలబడిపోయాడట. ఇద్దరూ మా వాకిట్లోకి వచ్చాక సంగతి చెప్పాడు. బడి ఆఫీసులో సప్లిమెంటరీ ఫారం మీద పిల్ల సంతకం పెట్టడానికి ఆ రోజే ఆఖరు. ఇంకా వారం ఉందని మేమంతా అనుకున్నాం. ఆయనా అట్లాగే అనుకుని, ముందు రోజు పొద్దున నెట్లో చూస్తే గడువు మర్నాటితో ముగుస్తుందని ఉంది. వెంటనే ఫోను చేశాడు. మేం ఎత్తకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ పంపాడు, పిల్ల అది చదివి బడికి పోతుందిలే అనుకున్నాడు. గడువు రోజు మధ్యాహ్నం బడికి ఫోను చేస్తే ఆ పిల్ల రాలేదన్నారు. మాకు చేస్తే సిగ్నల్ లేదు. నెట్ సెంటర్ వదిలేసి బస్సెక్కాడు. దారిలో దిగి బడి దాకా వెళ్ళేసరికి అక్కడ తాళం, మళ్ళీ ఈ బస్సు పట్టుకుని వచ్చాడు.

ఫోను తీసి చూశాడు. మెసేజ్ రాలేదు. కంపెనీ వాళ్ళ మెసేజ్‌లతో పెట్టె నిండిపోయి ఉంది, కొత్తది పట్టడానికి చోటు లేదు. వాటిని తీసేయాలని మాకెవరికీ తెలియదు.

"అక్కా, మూడుసార్లు చేసిన. ఎందుకు కట్ చేసినవు?"

"ఎత్తొద్దని నువ్వే చెప్తివి కదా సారూ."

ఆయన గుంజకు ఆనుకుని కింద కూర్చున్నాడు. మోగితే ఏమిటో నాలుగు ఊళ్ళకూ నేర్పాడు. నిజంగా మాట్లాడాల్సి వస్తే ఎట్లా తెలియాలో ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఒక్కసారి ఆకుపచ్చ మీట నొక్కి ఉంటే అయిపోయేది.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. నా పక్కకు వచ్చి కూర్చుంది.

"నువ్వు సరిగ్గానే లెక్క పెట్టినవ్ పెద్దమ్మా," అంది.

ఆ మాట అనకుండా తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు సారు దాన్ని వెంటబెట్టుకుని బడికి, అక్కడి నుంచి ఖమ్మం దాకా తిరిగాడు. గడువు దాటాక ఏం చేయలేమన్నారు, మళ్ళీ మార్చిలో రాయొచ్చన్నారు. సారు ఆ తర్వాత ఆకుపచ్చ మీట సంగతి అన్ని ఊళ్ళకూ చెప్పాడు, ఆగకుండా మోగితే ఎత్తమని. మెసేజ్‌లు తీసేయడం మా ఆయనకు నేర్పాడు. అన్నీ నేర్చుకున్నాం. వానలు పడ్డాక నెట్ సెంటర్ మూసేస్తే ఆయన హైదరాబాద్ వెళ్ళిపోయాడు.

జనవరిలో మిరప ముఠా వైరా వైపు వెళ్ళింది. పిల్ల కూడా వెళ్ళింది. పుస్తకం మూటలో పెట్టుకుందని వాళ్ళమ్మ చెప్పింది. పోయేటప్పుడు నాతో మార్చికి వచ్చి పరీక్ష రాస్తానంది. ఫారం గడువు నీకెట్లా తెలుస్తుందని నేనడిగితే, నీకే ఫోను చేసి కనుక్కుంటా పెద్దమ్మా అంది. ఆ రెండు నెలలూ నేను ఇల్లు కదల్లేదు. మోగిన ప్రతి ఫోనూ మొదటి మోతకే ఎత్తాను. మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్ళంతా తమ డబ్బులు పోగొట్టానని నన్ను తిట్టారు. దాని ఫోను రాలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళున్న చేలో ముఠా మేస్త్రీకి తప్ప ఎవరికీ ఫోను లేదు. ఆ మేస్త్రీ ఒక్కసారి ఫోను ఇచ్చాడట. మా నంబరులో ఒక అంకె గుర్తురాలేదట ఆ పిల్లకు. ఇన్ని గుర్తుపెట్టుకునే నాకు, ఆ నంబరు దానికి ఒక కాగితం మీద రాయించి ఇవ్వాలన్న బుద్ధి లేకపోయింది.

కోతల్లోనే ఒక అబ్బాయిని ఇష్టపడి, వేంసూరు వైపు కాపురం పెట్టింది. బాగానే ఉంది. ఇద్దరు పిల్లలు. ఎప్పుడైనా వస్తే మా ఇంట్లోనే అన్నం తింటుంది, చదువు మాట ఎత్తదు. నేనూ ఎత్తను.

మా దగ్గర ఉండిపోయిన కార్డు పసుపు డబ్బాలో దాచాను. ఎప్పుడైనా ఫోనులో వేస్తే ముందు ఖమ్మం సారు గొంతు వస్తుంది. చివర్న ఆ పిల్ల గొంతు, పంపకుండా మిగిలిపోయిన అనుమానం. వెనక ఆకు కట్టల చప్పుడు, నా కోళ్ళ అరుపు.

"సార్, ఏడో లెక్కల రెండో మెట్టు సమజ్ గాలె. ఇంకొక్కసారి చెప్పుండ్రి."

ఏ మీట నొక్కితే రికార్డు ఆగుతుందో ఎప్పటిలాగే మర్చిపోయి నన్ను అడుగుతుంది. ఎర్ర మీట నొక్కు బిడ్డా అని అందులో నేనంటాను. అక్కడితో ఆగిపోతుంది.