ఢిల్లీ రైల్లో గొలుసూ తాళమూ

ఖమ్మంలో ఢిల్లీ రైలెక్కగానే మా ఆయన భద్రతంతా తన చేతుల్లోకి తీసుకున్నారు. అంటే పెట్టెలను బెర్తు కింద గొలుసుతో కట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. పులిహోర, పాలపొడి, దుప్పట్లు అన్నీ వాటిలోనే మహా భద్రంగా ఉండిపోయాయి.

బల్లార్షాలో "జల్దీ వస్త" అంటూ, ఏడాది బాబు పాలకు వేడినీళ్ల కోసం సీసా పట్టుకుని దిగారు. రైలు కదిలింది కానీ ఆయనా రాలేదు, తాళంచెవీ రాలేదు. బాబు ఆకలికి, నాలుగేళ్ల పాప నాన్న కోసం ఏడుపు అందుకున్నారు.

ఎదురు బెర్తులో ఉన్న వైరా ఊరి పెద్దమ్మ తన ఇడ్లీ డబ్బా తెరిచింది. "ఏంది బిడ్డా, గట్ల చూస్తవు? పిల్లలకు పెట్టు," అంది. తర్వాత తన పాత చీరతో పై బెర్తుల మధ్య ఊయల కట్టి బాబును పడుకోబెట్టింది. దాన్ని ఊపడమే పాపకు ఆటయింది.

చివరి బోగీ ఎక్కిన మా ఆయన, బోగీలన్నీ దాటుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చారు. వేడినీళ్లు మాత్రం రాలేదు.

"భయపడ్డవా?" అన్నారు.

"ఎందుకు? పెట్టెలు ఎక్కడికీ పోలేదు కదా!" అన్నాను.

నాగపూర్‌లో ఆయన మళ్లీ సీసా అందుకున్నారు. పాప ఆయన చొక్కా పట్టుకుంది.

"ఒక్కడివే దిగొద్దు నాన్నా, తప్పిపోతవు."

ఆయన బుద్ధిగా కూర్చున్నారు.