మిరప ఘాటు కాదు

నా ఛాతీకి వచ్చిన ప్రతి జబ్బుకీ మా ఊళ్ళో ఒకటే పేరు, మిరప ఘాటు. గుంటూరు పక్కన మాది మిరప పండించే ఇల్లు. కోత కాలంలో కల్లం నిండా కాయలు ఆరబోస్తాం. అమ్మ, మరో నలుగురు ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చుంటారు. ఆ రోజుల్లో దగ్గని మనిషి ఉండడు. అందుకే నేను దగ్గినా ఎవరికీ వింతగా తోచలేదు.

కాని వాళ్ళ దగ్గు సాయంత్రం స్నానం చేస్తే పోయేది. నాది జ్వరంతో వచ్చేది, పచ్చటి కఫంతో వచ్చేది, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల్లో పొడిచేది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేసేవారు. జ్వరం దిగేది. నెలా రెండు నెలలకి మళ్ళీ ఎక్కేది. మధ్యలో చెవి కారేది. పద్నాలుగో ఏటి నుంచి పదహారో ఏటి లోపు నాలుగుసార్లు నిమోనియా అన్నారు, రెండుసార్లు ఆసుపత్రిలో ఉంచారు. ఆ రెండిట్లో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. రెండుసార్లు కఫం పరీక్ష చేసి క్షయ కాదన్నారు. అయితే ఇంకేముంది, ఘాటే.

ఇంటర్ మొదటి ఏడాది బైపీసీలో ఉన్నాను. నాకు చదువంటే ఇష్టమని చెప్తే అది చిన్నమాట. ఆ క్లాసు బెంచీ నాదనుకున్నాను, దాన్ని ఎవరికీ ఇవ్వదలుచుకోలేదు. సంక్రాంతి కూడా రాకముందే నాన్న తేల్చేశాడు.

"చదువు యాడికీ పోదమ్మా. ముందు గాలి మారాలి. కొత్తపట్నంలో పిన్ని దగ్గరుండు. సముద్రం గాలికి ఊపిరితిత్తులు శుభ్రపడతాయి."

నేను ఏడవలేదు, అరిచాను. ఎవరూ వినలేదు. పిన్ని ఇంట్లో నెలన్నర ఉన్నాను. ఉప్పుగాలి, ఎండబెట్టిన చేపల వాసన, కల్లమంటూ ఏదీ లేని ఇసుక. ఏడో వారంలో చలి పట్టుకుంది. మర్నాటికి జ్వరం, ఆ మర్నాటికి మళ్ళీ అదే పోటు. ఒంగోలులో ఎక్స్‌రే తీశారు. మళ్ళీ నిమోనియా.

పిన్ని ఫోనులో నాన్నతో అంది, "బావగారూ, మా ఇంట్లో మిరపకాయ పచ్చడిలో తప్ప ఇంకెక్కడా లేదండీ. దీనికి ఘాటు ఎక్కణ్ణించి తగిలిందో మీరే చెప్పండి."

నాన్న మాత్రం పాత ఘాటు లోపలే నిలబడిపోయుంటుందన్నాడు. మా నాన్న మంచివాడు. కాని ఆ రోజు ఆయన మీద నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. చూసింది నమ్మడం కంటే నమ్మింది చూడటం ఆయనకి సులువైంది.

నేనే పట్టుబట్టాను. గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకపోతే మందు మింగనని చెప్పాను. అది తెలివితక్కువ బెదిరింపే, కాని పనిచేసింది.

ఆ డాక్టరమ్మ దుమ్ము గురించి అడగలేదు. ఎన్నిసార్లు వచ్చింది, ఎక్కడెక్కడ వచ్చింది, చెవి కారుతుందా, విరేచనాలవుతాయా అని అడిగి ఒక్కొక్కటీ రాసుకుంది. పాత రిపోర్టులన్నీ అడిగింది. అమ్మ ప్లాస్టిక్ కవరులోంచి కట్ట తీసింది. తీస్తూ కొంచెం గొప్పగానే చెప్పింది.

"మా ఊళ్ళో జ్వరమొస్తే చాలండీ, వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ ఎంతోకొంత తేలుద్ది. దీనికి మాత్రం ఒక్కసారి కూడా తేల్లేదు. ఆ విషయంలో అదృష్టవంతురాలు."

డాక్టరు తలెత్తింది. "ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదమ్మా. క్రిమి మీద ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీలని. అవి తయారుకాని మనిషికి జబ్బున్నా లేదనే రావచ్చు."

తర్వాత ఒక కాగితం నా ముందుకు తోసింది. ఏడాది కిందట కాలేయం కోసమని మేం చేయించుకున్న రక్తపరీక్ష అది. "బైపీసీ కదా. మొత్తం ప్రోటీన్‌లోంచి ఆల్బుమిన్ తీసెయ్."

5.4లోంచి 4.2. మిగిలింది 1.2.

"ఆ మిగిలింది గ్లోబులిన్లు. అందులో యాంటీబాడీలది పెద్ద వాటా. కనీసం రెండుండాలి."

ఒక్క తీసివేత. అది ఏడాదిగా మా కవరులోనే ఉంది. దాన్ని ఎంతమంది చూసి పక్కన పెట్టారో, అందులో నేనూ ఉన్నాను. ఆల్బుమిన్ బాగుందని అందరం తృప్తిపడ్డాం.

రక్తంలో IgG అనే ముఖ్యమైన యాంటీబాడీ రకం బాగా తక్కువొచ్చింది. IgA, IgM కూడా తక్కువే. మూత్రంలోనో పేగులోనో ప్రోటీన్ కారిపోతోందేమో చూశారు, లేదు. ఏవైనా మందుల వల్లనా అని అడిగారు, కాదు. యాంటీబాడీలకి మూలమైన బి కణాలు లెక్కపెడితే ఉన్నాయి. అప్పుడు ధనుర్వాతానికి, నిమోనియా తెచ్చే న్యుమోకాకస్‌కి టీకాలిచ్చి, ముందొకసారి, నాలుగు వారాల తర్వాత ఒకసారి రక్తం తీశారు. మామూలు మనిషిలో ఆ నాలుగు వారాల్లో బి కణాలు కొన్ని ప్లాస్మా కణాలుగా మారి టీకాకి తగ్గ యాంటీబాడీలు పోస్తాయి. నాలో దాదాపు ఏమీ పెరగలేదు. కణాలున్నాయి, చివరి పని చెయ్యవు. న్యుమోకాకస్ లాంటి బాక్టీరియాకి పైన జిగురు తొడుగు ఉంటుంది. యాంటీబాడీలు దానికి అతుక్కుంటేనే తెల్లకణాలు దాన్ని సులువుగా మింగగలవు. అందుకే నా ఛాతీ, చెవి మాటిమాటికీ వాటికి చిక్కేవి. చిన్నప్పుడు ఆటలమ్మ మాత్రం అందరికీ పోయినట్టే పోయింది, ఎందుకంటే వైరస్ పట్టిన కణాల సంగతి చూసే టి కణాలు నాలో బాగానే ఉన్నాయని ఆవిడ చెప్పింది.

జబ్బు పేరు కామన్ వేరియబుల్ ఇమ్యునోడెఫిషియెన్సీ, అంటే ఒక రకం రోగనిరోధక లోటు. ఎందుకొచ్చిందో చాలామందిలో తెలియదట. నాలోనూ తెలియలేదు.

"అయితే మిరప వల్ల కాదంటారా అండీ?" అన్నాడు నాన్న.

"దుమ్ము ఎవరి ఊపిరితిత్తులకీ మంచిది కాదు, మాస్కు పెట్టుకోమనండి. కాని ఈ లోటు మిరప తెచ్చింది కాదు."

సీటీ స్కానులో ఊపిరితిత్తుల కింది భాగంలో గాలిగొట్టాలు కొన్ని వెడల్పయి ఉన్నాయి. అవి ఇక మామూలుగా కావు. ముందే తెలిసుంటే అంత దూరం వచ్చేది కాదని ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను.

అప్పటికి నా హాజరు అడుగంటింది. రెండో ఏడాది మొదట్లో ప్రిన్సిపాల్ గారు ఈ ఏడు ఆపుకోమని నాన్నకి నచ్చజెప్పారు. నాన్న తలాడించాడు.

"నేను ఆపను," అన్నాను. "యాంటీబాడీలు ఎక్కించుకోడానికి నాలుగు వారాలకో రోజు ఆసుపత్రిలో ఉంటాను. మిగతా రోజులు ఇక్కడుంటాను. డాక్టరు రాసిచ్చిన కాగితం ఇదిగోండి."

ప్రిన్సిపాల్ గారు కాగితం కంటే నా ముఖాన్నే ఎక్కువసేపు చూశారు. చివరికి సరేనన్నారు.

మొదటి ఇమ్యునోగ్లోబులిన్, అంటే యాంటీబాడీల సీసా ఎక్కించినప్పుడు వణుకు, తలనొప్పి వచ్చాయి. నర్సు చుక్కల వేగం తగ్గించాక సర్దుకుంది. వేలమంది ఇచ్చిన ప్లాస్మాలోంచి తీసిన IgG అది. మూడు వారాలకే సగమవుతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ ఎక్కించాలి, బహుశా బతికినన్నాళ్ళూ. ఆ మాట విన్న రోజు నాకు భయమేసింది. అయినా ఆ చలికాలమంతా ఒక్క నిమోనియా రాలేదు. దగ్గుతూనే చదివాను.

జువాలజీ ప్రాక్టికల్స్‌లో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు యాంటీబాడీలని ఏ కణాలు తయారుచేస్తాయని అడిగారు. చెప్పాను. బి కణాలు, వాటి నుంచి ప్లాస్మా కణాలు, అవి వదిలే ఇమ్యునోగ్లోబులిన్లు.

"గుడ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళందరిలో ఇది జరుగుద్ది," అంటూ ఆయన తర్వాతి స్లైడు మీదికి వంగారు.

"నాలో జరగదండి," అన్నాను. "తర్వాతి ప్రశ్న అడగండి."