కాదన్న కవరుకు కృతజ్ఞతా ప్రార్థన

పెనుకొండ దగ్గర కార్లకు ప్లాస్టిక్ క్లిప్పులు చేసే ఫ్యాక్టరీలో భానుమతి క్వాలిటీ మేనేజరు. సృష్టిలో కొలవడానికి వీలుకాని వస్తువు లేదని ఆమె నమ్మకం. హిందూపురంలో ఆమె ఇంట దోసె మందం మీద కూడా నిర్దిష్టమైన అభిప్రాయాలు అమల్లో ఉండేవి. వాటిని గౌరవించలేక భర్త పొద్దున టిఫిను బస్టాండు దగ్గర చేసి వచ్చేవాడు. ఇదొక్కటి తప్ప ఆ సంసారంలో చెప్పుకోదగ్గ లోపం ఏదీ లేదు.

చదువైన కొత్తల్లో భానుమతి ఒక ఇంటర్వ్యూకి పోయి, జవాబు కోసం చాలాకాలం ఎదురుచూసింది. ఆ కంపెనీ ఈనాటికీ జవాబివ్వలేదు. మధ్యలో ఆ కంపెనీయే మూతపడింది కాబట్టి ఇక ఇవ్వదని ఆమె ఈమధ్యే ఒక నిర్ణయానికి వచ్చింది.

ఈ ఏడు ఆమె విభాగంలో షిఫ్టు ఇన్‌చార్జి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. వడపోతలన్నీ అయ్యాక ఆఖరి రౌండుకు ముగ్గురు మిగిలారు. భానుమతి వాళ్ళ ముందు ఒక ట్రే నిండా చెడిపోయిన క్లిప్పులు పెట్టి, పక్కన కొలతసాధనం పెట్టి, "ఇవి ఎందుకు చెడినాయో చూసి రాయండి" అంది. దాన్ని మళ్ళీ సరిచూడాల్సిన తేదీ దాని మీదే అతికించి ఉంది, అది ఎప్పుడో దాటిపోయింది. అది పొరపాటు కాదు, ఆమె పన్నిన వల.

వల గమనించింది ఒక్కరే. ధర్మవరం నుంచి వచ్చిన సంగీత. డిప్లొమా చేసి, హిందూపురంలో ఒక చిన్న యూనిట్లో కాంట్రాక్టు మీద పనిచేసి, కాంట్రాక్టు అయిపోయాక ఇంట్లో ఉన్న పిల్ల. కొలతసాధనం చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "మేడమ్, దీన్ని సరిచూసి శానా దినాలైంది. దీంతో కొలిస్తే ఆ లెక్క నేను నమ్మను. ఇంకోటి ఇప్పిస్తారా?" అంది. భానుమతికి ఆ క్షణంలో ఆ పిల్లకు ఉద్యోగమే కాదు, దోసె పెనం కూడా అప్పగించాలనిపించింది.

కానీ ఉద్యోగం వేరొకరికి పోయింది. వచ్చే నెలలో కస్టమరు ఆడిట్ ఉంది, అంటే క్లిప్పులు కొనే కంపెనీవాళ్ళు వచ్చి తనిఖీ చేస్తారు. ఆ షిఫ్టు ఇన్‌చార్జే ఒంటరిగా నిలబడి వాళ్ళకు జవాబు చెప్పాలి. అలాంటి ఆడిట్లు నడిపిన అనుభవం ఇంకొకరికి ఉంది, సంగీతకు లేదు. పైగా క్లిప్పులు చెడడానికి కారణం దగ్గర సంగీత "ఆపరేటరు అజాగ్రత్త" అని రాసి కలం మూసేసింది.

ఎంపికైనవాళ్ళు చేరతామని సంతకం పెట్టిన రోజున, బెంగళూరు ఆఫీసులో నియామకాల సంగతి చూసే అజిత్ ఫోను చేశాడు.

"మేడమ్, మిగతా ఇద్దరికీ సోమవారం సిస్టమ్ నుంచి మెయిల్ వెళ్తుంది. మీరేం చేయక్కర్లేదు."

"అందులో ఏముంటాదప్పా?"

"ఎప్పటిదే. మీ వివరాలు భవిష్యత్ అవసరాల కోసం భద్రపరిచాం అని."

"యాడ భద్రపరుస్తారు?"

సంస్థ చరిత్రలో ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేయలేదు.

"రెండో అబ్బాయికి నేను ఫోన్లో చెప్తా," అంది భానుమతి. " ఆ ధర్మవరం పిల్లకి మాత్రం నేనే ఉత్తరం రాస్తానప్పా. యాడ బాగా చేసిందో, యాడ ఆగిపోయిందో చెప్పాల."

"కారణాలు రాస్తే చిక్కులొస్తాయి మేడమ్. రేపు ఆ కాగితం పట్టుకుని గొడవకొస్తే?"

"చూసింది చూసినట్టు రాస్తే గొడవేముంది? ఇంకొకరితో పోల్చను. మళ్ళీ ఉద్యోగమిస్తానని ఆశ పెట్టను. మనిషి గురించి రాయను, చేసిన పని గురించే రాస్తాను. చాలా?"

"రాసింది నాకొకసారి చూపించండి," అన్నాడు అజిత్, యుద్ధంలో ఓడిన రాజు కోటను మాత్రం కాపాడుకున్నట్టు.

ఇంగ్లీషులో మొదలుపెడితే వాక్యాలు వాటంతటవే వచ్చి వరుసగా కూర్చున్నాయి. విచారం, ప్రతిభ, శుభాకాంక్షలు. ఏ ఒక్కటీ భానుమతిది కాదు. తెలుగులో ఉద్యోగం కాదనడానికి తయారుగా ఉన్న వాక్యాలు లేవు. అందుకని తెలుగులో రాసింది. నిజం చెప్పక తప్పలేదు. అజిత్ చదివి, ఒక కామా మార్చి, ఒప్పుకున్నాడు. కంపెనీ ముద్ర ఉన్న కవరులో స్పీడ్ పోస్టులో పంపింది. ముందుగా ఫోను చేసి ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది. అన్నీ కొలిచే మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు.

ధర్మవరంలో సంగీత నాయన దానియేలు పట్టుచీరలు నేస్తాడు. కవరు శనివారం మధ్యాహ్నం వచ్చింది. కూతురు ఇంతకుముందు ఎన్నో ఇంటర్వ్యూలకు పోయింది. కాదన్న ఒక్క కంపెనీ కూడా ఆ మాట చెప్పడానికి తపాలా బిళ్ళ ఖర్చు పెట్టలేదు. వీధిలో ఉద్యోగాలకు తిరిగే పిల్లలందరిదీ అదే అనుభవం. కాబట్టి కవరు వచ్చిందంటే ఉద్యోగం వచ్చినట్టే. ఈ తర్కంలో తప్పు పట్టడం ఎవరి తరమూ కాదు, పోస్ట్‌మ్యాన్‌తో సహా. ఆయన సంతకం పెట్టించుకుని, "ఏమప్పా దానియేలూ, స్వీట్లు యాడ?" అని నిలబడ్డాడు.

సంగీత కవరు చింపబోతే దానియేలు చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళింట్లో శుభం ఏదైనా సరే, ముందు బైబిలు మీద పెట్టాలి, పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేయాలి, అందరి ముందూ ఆయనే చదవాలి. ఇల్లు కట్టుకోవడానికి మంజూరు పత్రం వచ్చినప్పుడూ అంతే, సంగీత డిప్లొమా మార్కులకూ అంతే.

"నాయనా, నాకు చూడాలని ఉండాది."

"రేపు ఆరాధన అయినాక చూద్దువులే. కాగితం యాడికీ ఎగిరిపోదు."

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ఉద్యోగమూ రాకపోతే సోమవారం నుంచి జయరామయ్య చీరల అంగట్లో కౌంటరు దగ్గర నిలబడతానని సంగీత మాటిచ్చింది. దానియేలు నేసిన చీరలు కొనేది ఆ జయరామయ్యే. అంగట్లో చేరితే ఇక ఫ్యాక్టరీల చుట్టూ తిరిగేది ఉండదు. మంచి మనిషే, మంచి అంగడే. కాకపోతే అక్కడ కొలవాల్సింది చీర పొడవొక్కటే.

ఆదివారం మధ్యాహ్నానికి ఇంటినిండా జనం. పక్కింటి చౌడమ్మ చర్చికి పోయే మనిషి కాదు గానీ మైసూరుపాక్‌కు మతం పట్టింపు లేదు, ముందువరుసలో కూర్చుంది. పాస్టరు శామ్యూల్ అయ్యగారు కళ్ళు మూసుకుని, ఆ కంపెనీని, దాని యంత్రాలను, అధికారులను పేర్లు తెలియకపోయినా పేరుపేరునా దీవించి, సుదీర్ఘంగా కృతజ్ఞతలు చెల్లించి, కవరు చింపి, కళ్ళజోడు సర్దుకుని గంభీరంగా చదివారు.

"సంగీత గారికి, ఈ ఉద్యోగానికి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం. ఆ మాట ముందే చెప్పాలని..."

అయ్యగారు ఆగారు. చౌడమ్మ చేతిలోని మైసూరుపాక్ నోటికి జానెడు దూరంలో ఆగింది.

"ఏమన్నాడు?" అంది చౌడమ్మ.

"లేదంట," అన్నాడు వెనక నుంచి ఎవరో.

"లేదని చెప్పేకి ఇంత పెద్ద కవరా?"

సంగీత నేల చూపులు చూస్తోంది. అయ్యగారు కాగితం మడవబోయి, మొదలుపెట్టిన పాఠాన్ని మధ్యలో ఆపే అలవాటు లేక, కొనసాగించారు.

"...ఆ మాట ముందే చెప్పాలని మొదట రాస్తున్నాను. వచ్చే నెల ఆడిట్‌లో ఈ ఉద్యోగి ఒంటరిగా కస్టమరుకు జవాబు చెప్పాలి. ఆ అనుభవం మీకింకా లేదు. నేర్పడానికి మా దగ్గర ఇప్పుడు సమయం లేదు. అది మా అవసరం, మీ లోపం కాదు.

ఆరోజు మీరు కొలతసాధనం మీద తేదీ చూసి, దాంతో కొలవనని అన్నారు. ఈ పనిలో చాలా ఏళ్ళున్నవాళ్ళు కూడా అది మరిచిపోతారు. మీ ఆ అలవాటును ఎవరు విసుక్కున్నా వదలకండి.

ఒకచోట తొందరపడ్డారు. ఆపరేటరు అజాగ్రత్త అని రాశారు. క్లిప్పు వెనక చిన్న అంకె ఉంటుంది. మౌల్డ్ అచ్చులో ఏ గడిలో తయారైందో ఆ అంకె చెబుతుంది. ట్రేలో చెడినవన్నీ ఒకే అంకెవి. మనిషి అజాగ్రత్త అయితే అన్ని గడులకూ తగలాలి. అరిగింది ఆ ఒక్క గడి. మనిషి దగ్గర ఆగకుండా ఇంకొకసారి ఎందుకు అని అడిగి ఉంటే అక్కడికి చేరేవారు. ఆ పని మీకు చేతనవుతుందని నాకు అనిపించింది, అందుకే ఇంత రాస్తున్నాను. ఉద్యోగం ఇస్తానని మాట ఇవ్వలేను. కావాలంటే ఒక సాయంత్రం ఫోను చేయండి, ఆడిట్‌లో ఏమేం అడుగుతారో చెబుతాను. భానుమతి."

అయ్యగారు కళ్ళజోడు తీశారు. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చౌడమ్మ మైసూరుపాక్ నోట్లో వేసుకుంది. ఆమె దృష్టిలో కార్యక్రమం ముగిసింది.

దానియేలు మాత్రం అయ్యగారి చేతిలో కాగితం వైపే చూస్తున్నాడు.

"అయ్యగారూ, ఆ అంకె సంగతి ఇంకోతూరి చదవండి."

ఆయన చదివారు.

"పోగులు దూరే మగ్గం అచ్చులో ఒక పుల్ల వంగితే చీర పొడవునా ఒకే తావున గీత పడతాది," అన్నాడు దానియేలు. "మా నాయన కాలం నుంచీ గీత పడితే నేసేవానిదే తప్పు. పుల్ల చూసినోడు లేడు." కూతురి వైపు తిరిగాడు. "నువ్వు గూడా పనిచేసేవాని మీదనే తప్పు రాసినావా మే?"

"రాసినా నాయనా."

"మల్లా రాయొద్దు."

సంగీత ఏడుపూ నవ్వూ కలిసిపోయి, "మల్లా రాయాలంటే ఇంకో ఇంటర్వ్యూకి పోవాల కదా," అంది. "రేపటి నుంచి అంగడి ఉండాది."

దానియేలు లేచి చెప్పులు వేసుకున్నాడు.

జయరామయ్య ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సంగతంతా విని, "అట్లంటే ఉద్యోగం రాలేదు, అయినా పిల్ల అంగటికి రాదు. బాగుండాదప్పా లెక్క," అన్నాడు.

"ఇంకొన్నాళ్ళు తిరగనీ సామీ. ఉద్యోగం లేదని చెప్పేకి ఎవరో పెద్దామె అంత రాసింది. ఉత్తపుణ్యానికి రాస్తారా?"

జయరామయ్య ఆలోచించాడు. తన అంగట్లో పనికి వద్దన్నవాళ్ళందరికీ తానెప్పుడైనా ఏమైనా చెప్పానా అని కాబోలు. "సరే పో. కౌంటరుకు ఇంకొకరిని చూసుకుంటా. చీరల లెక్కలో మాత్రం ఆ పిల్లను ప్రశ్నలడగనీకు," అన్నాడు.

సోమవారం సిస్టమ్ మెయిల్ కూడా సకాలంలో చేరింది. సంగీత వివరాలు భద్రంగా ఉన్నాయని తెలిసింది.

ఆ సాయంత్రమే ఆమె ఫోను చేసింది. ప్రార్థన సంగతి భానుమతికి అప్పుడే తెలిసింది.

"ముందు ఫోను చేయాల్సింది నేను. అందరి ముందర నీకెంత కష్టమైందో."

"మొదటి వాక్యం దగ్గర కష్టమే మేడమ్. తరువాత అందరికీ నేనేం పని చేస్తానో మొదటిసారి అర్థమైంది. మా నాయనకు గూడా."

ఆ తరువాత వారంలో ఇంకా కొన్ని సాయంత్రాలు మాట్లాడుకున్నారు. భానుమతి భర్త ఇంట్లో దోసెలు ప్రశాంతంగా వేసుకోగలిగాడు.

అజిత్ కూడా ఫోను చేశాడు. ఉత్తరం తన పైవాళ్ళకు బాగా నచ్చిందట. "ఒక కాపీ పంపండి మేడమ్. పేరు మార్చి ఇకమీదట అందరికీ అదే పంపిద్దాం."

"అందరూ క్లిప్పులే చూసినారా అజిత్?" అంది భానుమతి. అయినా ఓపికగా ఇంకొకసారి చెప్పింది. మొత్తానికి ఆఖరి రౌండుకు వచ్చినవాళ్ళకు ఇంటర్వ్యూ చేసినవాళ్ళే ముందు ఫోను చేసి, ఆ తరువాత రెండు ముక్కలు సొంతంగా రాయాలన్న నిబంధన దాకా వచ్చింది వ్యవహారం. తన ఉద్యోగంలో మొదటి సంస్కరణ ఇదే కాబట్టి అజిత్ దానికి ఇంగ్లీషులో పెద్ద పేరు పెట్టాడు.

ఒకరోజు మధ్యాహ్నం హిందూపురం పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీ గేటు బయట నుంచి సంగీత ఫోను చేసింది. అప్పుడే ఇంటర్వ్యూ అయింది.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు మేడమ్. శుక్రవారం లోపల చెప్తామన్నారు. కానీ ఒక విరిగిన ముక్క ఇచ్చి కారణం అడిగినారు. ఆపరేటరు దగ్గర ఆగలేదు. మౌల్డు దాకా పోయినా. ఆడ గూడా ఆగలేదు, దాన్ని ఎప్పుడు బాగుచేసినారని అడిగినా. ఇంటర్వ్యూ చేసే ఆయప్ప లేచి పోయి రిజిస్టరు తెప్పించినాడు."

"తెప్పించి?"

"చూసి, కూర్చోమ్మా అని ఇంకో కప్పు టీ చెప్పినాడు."

భానుమతి ఈ రెండో కప్పును మనసులో కొలిచి చూసింది. తేదీ దాటని సాధనంతోనే కొలిచింది. లెక్క బాగానే వచ్చింది.