చాయ్ దగ్గర పంచిన పని

విద్యావతి మేడం ఇరవై ఆరేళ్లుగా అబిడ్స్‌లో అదే మూడో అంతస్తుకి మెట్లెక్కుతోంది. లిఫ్టు ఉంది. కాని లిఫ్టులో మేనేజర్ వామన్‌రావు సార్ కలిస్తే, దిగేలోపు ఏదో ఒకటి ఒప్పుకోవాల్సి వస్తుందని ఆమె భయం.

మాది బీమా కంపెనీల కోసం ఆసుపత్రి కాగితాలు సరిచూసే ఆఫీసు. మొత్తం నలభై మందిమి. సెలవులు, హాజరు, పదోన్నతులు చూసేది మేడమే. ఎవరు ఏ రోజులు ఆఫీసుకు రావాలో, ఏ రోజులు ఇంటి నుంచి చెయ్యాలో నెలాఖరులోగా నియమాలు రాయమని ఆమెకు చెప్పారు. అదే నెలలో మా టీముకు లీడర్‌ని ఎంపిక చెయ్యాల్సిందీ ఆమే. పోటీలో ఉన్నది ఇద్దరం. నేను, చాదర్‌ఘాట్‌లో ఇంటి నుంచి పనిచేసే హాసిని.

మొదట మేడం ‘వారానికి రెండు రోజులు, ఎవరికి నచ్చినవి వాళ్లు’ అని రాసింది. వామన్‌రావు సార్ చదవకుండానే సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసి ఆమెకు భయం పట్టుకుంది. ఆ మనిషి అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే, ఆయనకేమీ మారదన్నమాట. నచ్చినవాళ్లు ఐదు రోజులూ ఎదురుగా కూర్చుంటారు, మిగతావాళ్లు ఆయన కంటికి ఆనరు.

ఆమె సంతకమైన కాగితాన్ని సొరుగులో పడేసి, అందరికీ ఇంకో కాగితం పంచింది. అందులో ఒకటే ప్రశ్న: ఆరు నెలల్లో నీకొచ్చిన పెద్ద పని నీకెవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు?

నాకు మూడు వచ్చాయి. మూడూ సాయంత్రం నాలుగింటికి, కింది ఇరానీ హోటల్లో చాయ్ దగ్గర, వామన్‌రావు సార్ పక్కన. కాగితం పట్టుకుని మేడం దగ్గరికెళ్లాను.

“మేడం, నేను రోజూ వస్తున్న. నాంపల్లిల గది. నలుగురం, ఒక్క ఫ్యాను. ఇంట్ల చెయ్యమంటే ఏడ చెయ్యాలె?”

“నిన్ను రావద్దన్ననా? గీడ కుర్చీ నీదే, రోజూ రా. ఇంట్ల జాగలేనోళ్లకు కుర్చీ ఉంటదని గూడ రాస్తున్న. కాని వచ్చినందుకు ప్రమోషన్ల మార్కులుండయి.”

“గట్లయితే గిన్ని రోజులు ఉత్తగనే వచ్చిన్నా?”

“నువ్వు చాయ్‌కి పోయినవ్, పని దొరికింది. హాసిని రాలే, ఆమెకు దొరకలే. ఆమె ఫైళ్లు తప్పులతోని వాపస్ వచ్చినయా ఎన్నడన్నా?” ఆమె బల్ల మీది నీళ్ల గ్లాసు ఎత్తింది, తాగకుండానే పెట్టింది. “నువ్వు అబద్ధం రాస్తే నాకు తెల్వదు ప్రణయ్. గదే నా ఫికర్.”

ఆ కాగితం రెండు రోజులు నా జేబులో నలిగింది. చివరికి నిజమే రాశాను, కోపంతో, పెన్ను కాగితంలోకి దిగేలా. మొత్తం పదకొండు పెద్ద పనుల్లో తొమ్మిది చాయ్ దగ్గర పంచినవని లెక్క తేలింది.

ఆ లెక్క, కొత్తగా రాసిన నియమాలు పట్టుకుని మేడం వామన్‌రావు సార్ గదిలోకి వెళ్లింది. ఆమె ఉద్యోగ ఒప్పందాన్ని ఏటా పొడిగించేది ఆయనే. తలుపు సగం తెరిచే ఉంది.

“ఏంది విద్యావతమ్మా, చాయ్ తాగుడు గూడ నేరమైందా?”

“తాగండి సార్. పని మాత్రం అందరికీ కనబడే జాబితాల పెట్టండి. ఒక రోజు ఆగి, అడిగినోళ్లల్లకెల్లి ఇయ్యండి. మంగళవారం, గురువారం టీమంతా ఆఫీసుల, మీతోసహా. మిగిలిన దినాలల్ల మీరు గూడ కొన్ని ఇంట్ల ఉండాలె. మీటింగుల ఒక్కరు ఇంటికాడున్నా, అందరం ఎవరి కంప్యూటర్ల నుంచి వాళ్లమే కూర్చోవాలె.”

“నేనా, ఇంట్లనా? మా ఆవిడ ఉండనిస్తదా?”

“అడిగి చూడండి సార్.”

లోపల నవ్వు వినిపించింది. ఆమెది కాదు. తర్వాత ఒక్కో పేజీ తిప్పుతున్న చప్పుడు. బయటికి వచ్చేసరికి ఆమె మెడ చెమటతో తడిసి ఉంది, చేతిలోని నియమాల కింద ఆయన సంతకం ఉంది. ఈసారి ప్రతి పేజీ చదివే పెట్టాడట.

లీడర్ ఎంపిక ఆ నియమాల కిందనే జరిగింది. పెద్ద పనులు అందరికీ సమానంగా అందలేదు కాబట్టి మేడం వాటిని పక్కన పెట్టించింది. ఇద్దరికీ వచ్చిన మామూలు ఫైళ్లలోంచి చెరో పది తీయించి, పేర్లు, హాజరు తీసేసి, వేరే టీములోని ఇద్దరు సీనియర్లకు ఇచ్చింది. వాళ్లు ఒక కట్ట మెరుగైనదని తేల్చారు. ఎవరిదని చూస్తే హాసినిది.

ఆ రోజు నాలుగింటికి చాయ్ దగ్గర వామన్‌రావు సార్, నేను కప్పులు చూసుకుంటూ కూర్చున్నాం. పని మాట లేకపోతే మా మధ్య ఏ మాటా లేదని అప్పుడే తెలిసింది. మర్నాడు జాబితాలో కొత్త పని కనిపించింది. అడిగినవాళ్లలో మూడో పేరు నాది. ఇంకా నాకు కోపంగానే ఉంది.

మూడు నెలల తర్వాత అందరి మార్కులూ తీసి, రోజూ వచ్చేవాళ్లకు ఎక్కువ పడుతున్నాయేమో సరిచూస్తానని మేడం గోడ క్యాలెండర్లో ఒక తేదీకి సున్నా చుట్టింది. తేడా కనిపిస్తే మళ్లీ సార్ గదిలోకి వెళ్లాల్సింది ఆమే. ఆ సాయంత్రం ఆమె మెట్ల వైపు పోలేదు. లిఫ్టు తెరుచుకుంది, లోపల వామన్‌రావు సార్.

“విద్యావతమ్మా, జర ఒక చిన్న పనుండె...”

ఆమె బ్యాగు పట్టీ భుజం మీదికి లాక్కుంది. లోపలికి అడుగు పెట్టింది.

“జాబితాల పెట్టండి సార్.”

తలుపులు మూసుకున్నాయి.