కిందికి జారిన రక్తం

గార్లదిన్నె దగ్గర ఉన్నత పాఠశాలలో పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. అంటే పదహారేళ్లుగా నిలబడే ఉన్నాను. ఎడమ పిక్క మీద నరాలు నల్లేరు తీగల్లా మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి చీలమండ వాచిపోయేది. కాలికి నీరు పట్టిందని మా అత్తమ్మ తేల్చేసింది. ఆ మాట నమ్మి, మండే ఎండల్లో కూడా నీళ్లు తాగడం తగ్గించాను. వాపు తగ్గలేదు, తలనొప్పి మాత్రం తోడైంది.

చివరికి అత్తమ్మా నేనూ అనంతపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ నన్ను నిలబెట్టి, కాలికి చల్లటి జెల్ రాసి, స్కాన్ తెర మా వైపు తిప్పింది. పిక్కను చేత్తో నొక్కగానే తెర మీద నీలం రంగు పైకి ఎగిసింది. వదిలింది. అంతే, అదే చోట ఎరుపు! రక్తం వెనక్కి జారుతోందన్నమాట. నా కాలి లోపలి సంగతి నేను కళ్లారా చూస్తున్నాను.

సిరలో చిన్న చిన్న తలుపులుంటాయనీ, పైకి పోయే రక్తాన్ని కిందికి రాకుండా అవి మూసుకుంటాయనీ ఆవిడ చెప్పింది. నావి సరిగ్గా మూసుకోవడం లేదు. రక్తం కింద నిలిచి, ఒత్తిడి పెరిగి, అందులోని నీరు చుట్టూ ఉన్న కండలోకి ఊరుతోంది. తాగే నీళ్లకూ దీనికీ సంబంధం లేదు. లోపలి పెద్ద సిరల్లో గడ్డలు లేవని చూసింది. పాదానికి రక్తం సరిగ్గా అందనివాళ్లకు బిగుతు సాక్సులు ప్రమాదమట; పాదంలో నాడి బాగా కొట్టుకుంటోందని నిర్ధారించుకున్నాకే అవి రాసింది.

"ఇంత బిగిస్తే రక్తం యాడికి పోతాదమ్మా?" అని అత్తమ్మ అడిగింది.

"పైకే పోతాది. చీలమండ దగ్గర బిగుతెక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. ఈ సాక్సులు తలుపుల్ని బాగు చెయ్యవు, వాపును ఆపుతాయి. సాలకపోతే లేజర్ చేస్తాం," అంది డాక్టరమ్మ.

రోజూ పొద్దున, వాపు రాకముందే, మంచం దిగకుండానే తొడుక్కోవాలి. మొదటిసారి మడమ దగ్గరే ఇరుక్కుపోయింది. అత్తమ్మ గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని, సాక్సును తిరగేసి, కొద్దికొద్దిగా పైకి జరిపింది. ఇద్దరం చెమటలు పట్టి నవ్వుకున్నాం. బడిలో పీరియడ్ల మధ్య మునివేళ్ల మీద లేచి దిగేదాన్ని. పిక్క కండ పిండితేనే రక్తం పైకెక్కుతుంది.

నాలుగో వారంలో ఒక సాయంత్రం సాక్సు విప్పాను. చీలమండ ఎముక! గుండ్రంగా, స్పష్టంగా కనబడుతోంది. ఎన్నేళ్లయిందో దాన్ని చూసి. కేక పెట్టి అత్తమ్మను పిలిచాను. ఆమె తడిమి తడిమి చూసింది. తర్వాత మెల్లగా తన చీర కుచ్చిళ్లు పైకెత్తింది. శనక్కాయ చేలల్లో అరిగిన ఆ కాళ్ల నిండా ఉబ్బిన నరాలే.

"నాకూ ఒక జత తెప్పీమ్మా," అంది.

ముందు పాదంలో నాడి చూపించాలన్నాను. మరునాడు పొద్దున మొదటి బస్సుకే ఇద్దరం అనంతపురం బయల్దేరాం.